ఖాతా ఒకటే, చేతులు రెండు: జాయింటు స్టేట్‌మెంటులో ఏ ఎంట్రీ ఎవరిది?

జాయింటు ఖాతా స్టేట్‌మెంటు పైభాగంలో రెండు పేర్లుంటాయి. కింద తేదీ, వివరం, రిఫరెన్స్ నంబరు, పోయింది, వచ్చింది, మిగిలింది అనే గడులు ఉంటాయి. పైన ఉన్న ఇద్దరిలో ఈ లావాదేవీ ఎవరు చేశారో చెప్పే గడి మాత్రం ఎక్కడా ఉండదు. బ్యాంకు దాన్ని దాచిందని కాదు. బ్యాంకు లెక్కలో డబ్బు కదిలేది ఖాతాలో. మనుషులు ఆ ఖాతాకు తగిలించిన పేర్లు మాత్రమే. ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో ఇద్దరిలో ఏ ఒక్కరు అడిగినా డబ్బు ఇవ్వొచ్చు కాబట్టి, ఎవరు అడిగారన్నది స్టేట్‌మెంటులో అచ్చువేయాల్సిన అవసరం బ్యాంకుకు లేదు.

ఆ అవసరం ఇంట్లోవాళ్లకు వస్తుంది. భార్యాభర్తలు విడిపోయేటప్పుడు, అన్నదమ్ములు ఖర్చులు పంచుకునేటప్పుడు, పెద్దవాళ్ల ఖాతాలో డబ్బు ఎటు పోయిందని తోబుట్టువులు నిలదీసినప్పుడు ఆ లేని గడిని నింపాల్సి వస్తుంది. నింపడం చాలావరకు సాధ్యమే. అయితే ముందే ఒకటి తెలిసి ఉండాలి. స్టేట్‌మెంటు మనిషిని చూపించదు, మనిషి వాడిన సాధనాన్ని చూపిస్తుంది. కార్డు, ఫోను, చెక్కు, నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, వీటిలో ఏదో ఒకదాని జాడ ఆ ఇంగ్లీషు అక్షరాల గజిబిజిలో ఉంటుంది. జాడ నుంచి సాధనానికి వెళ్లాలి. ఆ సాధనం ఎవరి పేరున ఇచ్చారో చూడాలి. ఆ రోజు అది ఎవరి చేతిలో ఉందన్నది మూడో ప్రశ్న, దానికి స్టేట్‌మెంటు దగ్గర జవాబు లేదు. ఇంటి గొడవల్లో సగం ఈ రెండో మెట్టునూ మూడో మెట్టునూ కలిపేయడం వల్ల వచ్చేవే.

అన్నిటికన్నా ముందు ఖాతా ఏ పద్ధతిలో నడుస్తోందో చూసుకోవాలి. ఖాతా తెరిచిన ఫారంలోనో, పాస్‌బుక్ మొదటి పేజీలోనో అది ఉంటుంది. ‘జాయింట్లీ’ అని ఉంటే ప్రతి చెక్కు మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. అలాంటి ఖాతాలకు సాధారణంగా ఏటీఎం కార్డు, యూపీఐ ఇవ్వరు కాబట్టి ఎవరు తీశారన్న ప్రశ్నే రాదు. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అయితే మొదటి పేరున్న వ్యక్తి బతికున్నంత కాలం నడిపేది ఆ ఒక్కరే. ఇక చిక్కంతా మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ‘ఈదర్ ఆర్ సర్వైవర్’తోనే.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఉండే 64 ఏళ్ల తల్లి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే 38 ఏళ్ల కొడుకు. ఖాతాలో మొదటి పేరు తల్లిది, రెండో పేరు కొడుకుది. ఇద్దరికీ వేర్వేరు డెబిట్ కార్డులున్నాయి. తల్లి కార్డు చివరి నాలుగంకెలు 2217, కొడుకు కార్డువి 6054. యూపీఐ కొడుకు ఫోనులో మాత్రమే ఉంది. అమ్మ ఖాతాలోంచి నెలకు ఎంత పోతోంది, అందులో అన్నయ్య వాడుకున్నది ఎంత అని కూతురు అడిగింది. 2025 మే చివరి నుంచి జూన్ 20 వరకు ఉన్న ఎంట్రీలు ఇవీ. (వివరాలు రాసే తీరు బ్యాంకును బట్టి మారుతుంది. ఇది ఒక ప్రైవేటు బ్యాంకు తరహా.)

```
30/05/25 PMJJBY RENEWAL                     436.00 Dr
02/06/25 ATW-XXXXXXXXXXXX2217-TENALI      5,000.00 Dr
03/06/25 UPI-KIRANA STORES-515412340418     860.00 Dr
05/06/25 ACH D-HOME LOAN-XXXX7731        18,400.00 Dr
09/06/25 CHQ PAID-000147                 25,000.00 Dr
12/06/25 CASH DEPOSIT SELF-TENALI        40,000.00 Cr
14/06/25 NWD-XXXXXXXXXXXX2217-HYDERABAD  10,000.00 Dr
18/06/25 IMPS-516912345566-SCHOOL FEE    15,000.00 Dr
20/06/25 ATW-XXXXXXXXXXXX2217-TENALI      4,000.00 Dr
```

ఈ పని పాస్‌బుక్‌తో మొదలుపెట్టకపోవడం మంచిది. పాస్‌బుక్‌లో గడి ఇరుకు కాబట్టి వివరం మధ్యలోనే తెగిపోతుంది. తెగేది కూడా సరిగ్గా మనకు కావాల్సిన నంబరే. నెట్ బ్యాంకింగ్‌లోంచి పూర్తి స్టేట్‌మెంటును ఎక్సెల్‌లోనో పీడీఎఫ్‌లోనో దించుకుంటే నంబరు పూర్తిగా వస్తుంది, ఎక్సెల్ అయితే 2217 అని కొట్టి ఆ కార్డు ఎంట్రీలన్నీ ఒక్కచోటికి తెచ్చుకోవచ్చు.

ముందు కార్డులు చూద్దాం, అన్నిటికన్నా తేలిక అవే కాబట్టి. ఖాతా ఒకటే అయినా ఇద్దరి కార్డుల నంబర్లు ఒకటి కావు. పై వరసల్లో ATW అంటే సొంత బ్యాంకు ఏటీఎంలో తీసిన నగదు, NWD అంటే వేరే బ్యాంకు ఏటీఎంలో తీసినది. రెండింటిలోనూ కార్డు చివరి నాలుగంకెలు కనిపిస్తున్నాయి. కాబట్టి జూన్ 2న 5,000, 14న 10,000, 20న 4,000, మూడూ తల్లి కార్డు మీద తీసినవే. షాపులో గీకిన కార్డు అయితే ఇలాంటి బ్యాంకుల్లో POS అని వచ్చి, పక్కన అదే నాలుగంకెలు, ఆ తర్వాత షాపు పేరు ఉంటాయి.

అయితే అన్ని బ్యాంకులూ కార్డు నంబరు అచ్చువేయవు. ఉదాహరణకు స్టేట్ బ్యాంకు స్టేట్‌మెంటులో ఏటీఎం ఎంట్రీకి ATM WDL అని, ఒక నంబరు, ఏటీఎం ఉన్న చోటు వస్తాయి. ఆ నంబరు కార్డుది కాదు. అలాంటప్పుడు చోటును బట్టి ఊహించాలి, లేదా ఫోనుకు వచ్చిన మెసేజీ చూడాలి. ఏటీఎం మెసేజీలో కార్డు చివరి అంకెలు ఉండే అవకాశం ఎక్కువ. మెసేజీ ఎవరి ఫోనుకు వచ్చిందన్నది మాత్రం సాక్ష్యం కాదు. చాలా జాయింటు ఖాతాల్లో మెసేజీలన్నీ మొదటి పేరున్న వ్యక్తి నంబరుకే పోతాయి, తీసింది ఎవరైనా సరే.

ఇంకో పొరపాటు పాత కార్డులతో జరుగుతుంది. కార్డు గడువు తీరినా, పోయినా కొత్తది వేరే నంబరుతో రావొచ్చు. రెండేళ్ల స్టేట్‌మెంటు తీస్తే ఇద్దరు మనుషులకు నాలుగు కార్డులు కనిపిస్తాయి. అప్పుడు ఈ మూడోది ఎవరిదంటూ ఇంట్లో అనవసరమైన టెన్షన్ మొదలవుతుంది. ఏ కార్డు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎవరి పేరున ఉందో బ్యాంకును అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాకే స్టేట్‌మెంటు తెరవాలి.

ఇప్పుడు జూన్ 14 ఎంట్రీ. తెనాలిలో ఉండే మనిషి కార్డుతో హైదరాబాద్‌లో డబ్బు తీశారు. 2న కార్డు తెనాలిలో ఉంది, 20న మళ్లీ తెనాలిలోనే ఉంది. మధ్యలో హైదరాబాద్ వెళ్లి వచ్చింది. స్టేట్‌మెంటు చెప్పగలిగింది ఇంతే: కార్డు వెళ్లి వచ్చింది. కార్డుతో పాటు తల్లి కూడా వెళ్లిందా, లేక అంతకుముందు వారం ఇంటికొచ్చిన కొడుకు పట్టుకెళ్లి మళ్లీ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చాడా అన్నది ఈ వరసలో లేదు. జూన్ 14 రెండో శనివారం, సెలవు రోజు. ఆ సంగతి రెండు కథలకూ సరిపోతుంది కాబట్టి ఎటూ తేల్చదు.

బ్యాంకు దృష్టిలో మాత్రం ఇందులో అనుమానమే లేదు. సరైన పిన్ పడింది కాబట్టి అది కార్డు యజమాని చేసిన లావాదేవీయే. కార్డు, పిన్ ఇంకొకరికి ఇవ్వకూడదన్నది బ్యాంకుల షరతు, ఆ ఇంకొకరు కట్టుకున్న భర్త అయినా సరే. దీని మీద బెంగళూరులో ఒక కేసు నడిచింది. ప్రసూతి సెలవులో ఉన్న ఒకావిడ 2013లో తన కార్డు, పిన్ ఇచ్చి భర్తను ఏటీఎంకు పంపింది. యంత్రం స్లిప్పు ఇచ్చింది కానీ 25,000 రూపాయలు ఇవ్వలేదు. సీసీటీవీ దృశ్యాల్లో కార్డు యజమాని లేదని బ్యాంకు వాదించింది. పిన్ వేరొకరికి ఇవ్వడం తప్పేనని 2018లో వినియోగదారుల ఫోరం ఫిర్యాదును కొట్టేసింది. కాబట్టి కార్డు తనది, పిన్ తను చెప్పింది, తీసింది మాత్రం వాడు అన్న మాట ఇంట్లో నిజమే కావచ్చు, బ్యాంకు కౌంటరు దగ్గర దానికి విలువ తక్కువ.

షాపు లావాదేవీల్లో ఆ పిన్ ఆధారం కూడా సగం పోయింది. 2021 జనవరి నుంచి 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా కార్డును తాకించి చెల్లించొచ్చు. అలాంటి POS ఎంట్రీ కార్డు ఎవరిదో చెబుతుంది, పిన్ తెలిసిన మనిషే వాడారన్న హామీ కూడా ఇవ్వదు.

యూపీఐ దగ్గర సంగతి తలకిందులవుతుంది. కార్డు ఎంట్రీలో చెల్లించిన సాధనం కనిపిస్తుంది. యూపీఐ ఎంట్రీలో డబ్బు అందుకున్నవారి పేరు, వారి యూపీఐ ఐడీ కనిపిస్తాయి, పంపినవారి ఐడీ సాధారణంగా ఉండదు. ఖాతాదారులిద్దరూ చెరొక ఫోనులో, తమ తమ నంబర్లతో ఇదే ఖాతాను యూపీఐకి కలుపుకొని ఉంటే ఇద్దరి చెల్లింపులూ స్టేట్‌మెంటులో ఒకే ముఖంతో కనిపిస్తాయి.

ఇక్కడ జనం పడే మొదటి తికమక నంబర్లతోనే. స్టేట్ బ్యాంకు స్టేట్‌మెంటులో యూపీఐ ఎంట్రీ పక్కన TRANSFER TO అని 48976తో మొదలయ్యే పొడవైన నంబరు ఒకటి తరచూ కనిపిస్తుంది. అది ఎవరిదో ఖాతా నంబరనీ, ఇంట్లోవాళ్లు రహస్యంగా ఎవరికో నెలనెలా డబ్బు పంపుతున్నారనీ అనుకునేవాళ్లున్నారు. అది బ్యాంకు లోపలి ఖాతా. యూపీఐ సొమ్ము దాని మీదుగా బయటికి వెళ్తుంది, అంతే. ఆ నంబరు పట్టుకొని ఎవర్నీ నిలదీయకూడదు.

పనికొచ్చేది 12 అంకెల రిఫరెన్స్ నంబరు. మన ఉదాహరణలో 860 రూపాయల ఎంట్రీలో ఉన్న 515412340418. ఇదే నంబరు చెల్లించినవాళ్ల యాప్‌లోనూ ఉంటుంది, కాకపోతే ఒక్కో యాప్‌లో ఒక్కో పేరుతో. గూగుల్ పేలో `UPI transaction ID`, ఫోన్‌పేలో `UTR`, పేటీఎంలో `UPI Ref No` అని ఉంటుంది. ఫోన్‌పేలో T అక్షరంతో మొదలయ్యే ఇంకో పొడవైన ఐడీ కూడా కనిపిస్తుంది. అది ఆ కంపెనీ సొంత లెక్క, స్టేట్‌మెంటులో వెతికితే దొరకదు. 12 అంకెలూ ఏ ఫోనులో కలిశాయో చెల్లింపు ఆ ఫోనుది.

దీన్ని రెండువైపులా ఒకే బలంతో వాడకూడదు. నంబరు ఒక ఫోనులో కనిపిస్తే అది గట్టి ఆధారం. కనిపించకపోతే మాత్రం ఆ మనిషి చేయలేదని తేలిపోదు. ఒక్కో యాప్ తనలో జరిగిన చెల్లింపులే చూపిస్తుంది. గూగుల్ పేలో లేని చెల్లింపు అదే ఫోనులో బ్యాంకు సొంత యాప్‌లోంచి జరిగి ఉండొచ్చు. ఆ ఫోనులో ఉన్న యాప్‌లన్నీ చూశాకే ‘లేదు’ అనాలి.

తెనాలి కిరాణా కొట్టుకు పోయిన 860 రూపాయలు తల్లే కట్టిందని మొదటి చూపుకు అనిపిస్తుంది. సరుకులు వాడుకుంది కూడా ఆమే. కానీ ఆమె ఫోనులో యూపీఐ లేదు. కొట్టతను క్యూఆర్ కోడ్ ఫొటోను వాట్సాప్‌లో పంపితే కొడుకు హైదరాబాద్‌లో కూర్చునే కట్టాడు, 12 అంకెలు అతని ఫోనులో కలిశాయి. ఏటీఎం ఎంట్రీలో ఊరి పేరుంటే కార్డు ఆ ఊళ్లో ఉన్నట్టు. యూపీఐ ఎంట్రీలో కొట్టు పేరుంటే డబ్బు ఆ కొట్టుకు చేరినట్టు మాత్రమే, కట్టిన మనిషి ఎక్కడైనా ఉండొచ్చు. ఇంకా చెప్పాలంటే, లావాదేవీ చేసింది కొడుకు, ఖర్చు అమ్మది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. అన్నయ్య ఫోనులోంచి పోయిందంతా అన్నయ్య తిన్నట్టు కాదన్నది ఇలాంటి ఎంట్రీ దగ్గరే తెలుస్తుంది.

యూపీఐలో జాడ పూర్తిగా మాయమయ్యే చోట్లు కూడా రెండున్నాయి. యూపీఐ లైట్‌లో డబ్బు నింపినప్పుడు మాత్రమే స్టేట్‌మెంటులో ఒక వరస పడుతుంది, తర్వాత టీ కొట్టులో, ఆటోకూ కట్టినవి ఖాతా స్టేట్‌మెంటుకు ఎక్కవు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో అయితే అసలు ఖాతాదారు కానివాళ్లు కూడా, ఉదాహరణకు మనవడు, తాతయ్య ఖాతాలోంచి చెల్లించొచ్చు. అక్కడ స్టేట్‌మెంటు మీద ఉన్న రెండు పేర్ల మధ్య మాత్రమే వెతికితే దొరకదు.

జూన్ 18న స్కూలు ఫీజుకు పోయిన 15,000 ఐఎంపీఎస్. ఇందులోనూ పంపినవారి గుర్తు లేదు. నెట్ బ్యాంకింగ్‌లో ఇద్దరికీ వేర్వేరు యూజర్ ఐడీలు ఉంటాయి కానీ, ఎవరు లాగిన్ అయినా ఖాతా స్టేట్‌మెంటు ఒకేలా కనిపిస్తుంది. తేడా తెలిసేది వేరే పేజీల్లో. డబ్బు పంపాలంటే చాలా బ్యాంకుల్లో ముందు బెనిఫిషియరీని చేర్చాలి. ఆ జాబితా ఖాతాకు కాకుండా యూజర్ ఐడీకి అతుక్కుని ఉంటుంది. స్కూలు ఖాతా కొడుకు లాగిన్‌లో చేర్చి ఉండి, తల్లి లాగిన్‌లో లేకపోతే విషయం దాదాపు తేలినట్టే. నేను పంపినవి అన్న తరహా పేజీ ఉంటే అక్కడ 516912345566 నంబరు కలుస్తుందేమో చూస్తే ఆ మిగిలిన అనుమానం కూడా పోతుంది.

చెక్కు చాలా పాతకాలపు పద్ధతి, అన్నిటికన్నా నమ్మకమైనది కూడా. స్టేట్‌మెంటులో ఆరంకెల చెక్కు నంబరు తప్ప ఏమీ ఉండదు. చెక్కు పుస్తకం ఖాతాకు ఇచ్చేది కాబట్టి, 000147 ఎవరి దగ్గరున్న పుస్తకంలోదో తెలిసినా సంతకం ఎవరిదో తెలియదు. చెక్కు బొమ్మ చూడాల్సిందే. ఇప్పుడు క్లియరింగ్ అంతా చెక్కు బొమ్మల మీదే నడుస్తుంది, అసలు కాగితం డబ్బు వసూలు చేసిన బ్యాంకు దగ్గరే ఆగిపోతుంది. వాళ్లు దాన్ని పదేళ్లు భద్రపరచాలి. చెక్కు నంబరు, తేదీ రాసిచ్చి అడిగితే సొంత బ్యాంకు శాఖలో బొమ్మ ప్రతి ఇస్తారు, దానికి కొంత రుసుము ఉండొచ్చు.

మన 25,000 చెక్కు ఇంటి మరమ్మతులు చేసిన మేస్త్రీకి ఇచ్చినది అనుకుందాం. బొమ్మ తెప్పిస్తే పేరు, అంకెలు, అక్షరాల్లో మొత్తం అన్నీ కొడుకు చేతిరాత, సంతకం మాత్రం తల్లిది. పెద్దవాళ్ల ఖాతాల్లో ఇది మామూలే, కళ్లు సరిగా కనపడక పిల్లల చేత రాయించి సంతకం పెడతారు. బ్యాంకు చూసేది సంతకాన్నే కాబట్టి లావాదేవీ తల్లిది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకున్నారన్న ఆరోపణ వస్తే అది వేరే కథ, బొమ్మ దానికి జవాబు చెప్పలేదు.

ఇక ఆ రోజు ఎవరూ ఏమీ చేయకుండానే పడే ఎంట్రీలు కొన్నుంటాయి. ACH D అని వచ్చిన 18,400 అలాంటిది. ఖాతాలోంచి తీసుకోవచ్చని ఎప్పుడో ఒకసారి రాసిచ్చిన అనుమతి, అంటే మాండేటు మీద ప్రతి నెలా తనంతట తానే పోయే ఈఎంఐ. జూన్ 5న ఎవరు చేశారని అడిగితే ఎవరూ చేయలేదన్నదే నిజమైన జవాబు. అడగాల్సింది మాండేటు మీద సంతకం ఎవరిది, 7731తో ముగిసే లోను ఎవరిది అని. లోను కాగితాల్లో రెండూ దొరుకుతాయి, ఇక్కడ రెండూ కొడుకువే. ఈదర్ ఆర్ సర్వైవర్ ఖాతా కాబట్టి సాధారణంగా ఒక్కరి సంతకంతోనే మాండేటు చెల్లుతుంది. తల్లికి తెలియకపోయే అవకాశం కూడా అందుకే ఉంది.

మే 30న పోయిన 436 రూపాయలు చిన్న మొత్తమే గానీ, ఏ కాగితమూ తెప్పించకుండానే తేలిపోయే ఎంట్రీ అది. PMJJBY అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. జాయింటు ఖాతాలో అర్హత ఉన్న ప్రతి ఒక్కరూ విడివిడిగా చేరొచ్చు, మనిషికి ఏడాదికి 436 రూపాయలు. చేరే వయసు 18 నుంచి 50, రక్షణ 55 ఏళ్ల వరకే. తల్లికి 64 కాబట్టి ఈ 436 ఆమెది అయ్యే వీలు లేదు, కొడుకుదే. అదే 20 రూపాయల సురక్షా బీమా ఎంట్రీ అయి ఉంటే ఇంత తేలిగ్గా తేలేది కాదు, దానికి 70 ఏళ్ల వరకు అర్హత ఉంది కాబట్టి ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు.

వచ్చిన డబ్బు విషయంలో ఒక్క మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. జూన్ 12న 40,000 జమ పక్కన SELF అని ఉంది. దాని అర్థం మొదటి పేరున్న వ్యక్తి వేశారని కాదు. ఖాతాదారు తరఫున సొంత ఖాతాలో నగదు పడిందని మాత్రమే. ఇద్దరూ ఖాతాదారులే, పైగా కౌంటరులో నగదు కట్టడానికి ఎవరు వెళ్లినా తీసుకుంటారు. కట్టిన పే-ఇన్ స్లిప్పు మీద సంతకం, ఫోన్ నంబరు ఉంటాయి, తేల్చేది అదే. యంత్రంలో వేసి ఉంటే స్లిప్పు కూడా ఉండదు. ఈ 40,000 పొలం కౌలు సొమ్ము, తల్లి స్వయంగా శాఖకు వెళ్లి కట్టింది.

కౌలు తల్లిదైనా ఆదాయపు పన్ను శాఖకు వెళ్లే లెక్కలో ఆ విభజన ఉండదన్నది ఇక్కడే చెప్పుకోవాలి. ఏడాదిలో పొదుపు ఖాతాలో పడిన నగదు మొత్తం పరిమితి దాటితే బ్యాంకు పన్ను శాఖకు తెలియజేస్తుంది. 2025లో అమల్లో ఉన్న, 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 114ఇ కింద ఆ పరిమితి 10 లక్షలు. ఖాతా ఒకరికన్నా ఎక్కువమంది పేరున ఉంటే మొత్తం విలువను అందరి పేరునా చూపాలని ఆ నిబంధనే చెబుతుంది. సగం సగం కాదు, మొత్తం, ఇద్దరికీ. తను వేయని డబ్బుకు రెండో పేరున్న మనిషికి నోటీసు రావడం వెనక ఉన్న కారణం ఇదే. పొలం అమ్మిన తల్లిదండ్రుల ఖాతాలో పేరు పెట్టించుకున్న ఉద్యోగస్థులైన పిల్లలకు ఇది ఎక్కువగా తగులుతుంది. ఆ రోజున పే-ఇన్ స్లిప్పు ప్రతి, కౌలు రసీదు చేతిలో ఉంటే జవాబు రాయడం సులువు.

ఇప్పుడు లెక్క కడదాం. ఈ కాలంలో పోయింది మొత్తం 78,696 రూపాయలు. కొడుకు సాధనాల మీద పోయినవి బీమా 436, కిరాణా 860, ఈఎంఐ 18,400, స్కూలు ఫీజు 15,000, కలిపి 34,696. తల్లి సాధనాల మీద ఏటీఎంలో తీసిన 5,000, 4,000, మేస్త్రీ చెక్కు 25,000, కలిపి 34,000. దాదాపు సమానం. మిగిలింది జూన్ 14 నాటి 10,000. అది తల్లి కార్డు కాబట్టి బ్యాంకు లెక్కలో ఆమె వైపు పడుతుంది. కూతురు అడిగింది మాత్రం ఎవరు వాడుకున్నారని. ఆ ప్రశ్న ప్రకారం అయితే కిరాణా 860 తల్లి వైపుకు జరగాలి, 10,000 ఎటు పోవాలో ఇంకా తెలియదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో ముందే అనుకోకపోతే ఒకే స్టేట్‌మెంటు మీద అన్నాచెల్లెళ్లు చెరొక మొత్తం చెప్పి, ఇద్దరూ కరెక్టే అవుతారు.

ఇంట్లో తేలని ఎంట్రీలకు శాఖకు వెళ్లాలి. ‘మా అన్నయ్య తీసిన వివరాలు ఇవ్వండి’ అని రాస్తే బ్యాంకు ఏమీ ఇవ్వదు, తగవులో వేలు పెట్టదు కూడా. పైగా అడగాల్సింది ఖాతాదారే. ఈ కథలో కూతురికి ఖాతాలో పేరు లేదు కాబట్టి దరఖాస్తు తల్లి సంతకంతోనే వెళ్లాలి. తేదీ, మొత్తం, రిఫరెన్స్ నంబరు రాసి, ఒక్కో ఎంట్రీకి ఏం కావాలో విడిగా అడగాలి. చెక్కుకు బొమ్మ, జమకు పే-ఇన్ స్లిప్పు ప్రతి, ఏటీఎంకు కార్డు నంబరు, సమయం, ఏటీఎం చిరునామా, ఐఎంపీఎస్‌కు అది ఏ మార్గంలో, ఎవరి కస్టమర్ ఐడీ నుంచి వచ్చిందన్న వివరం. స్టేట్‌మెంటులో అచ్చుకాకపోయినా ఇవి బ్యాంకు రికార్డులో ఉంటాయి. ఏ ఫోను, ఏ ఇంటర్నెట్ చిరునామా అన్న లోతు వివరాలు మాత్రం మామూలుగా పోలీసులో కోర్టో అడిగితేనే బయటికొస్తాయి. విషయం కోర్టుదాకా వెళ్లేలా ఉంటే యాప్‌లోంచి దించిన పీడీఎఫ్ బదులు, 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం ధ్రువీకరించిన ప్రతి అడగడం మేలు.

ఏటీఎం సీసీటీవీ కావాలంటే మాత్రం వెంటనే కదలాలి. దృశ్యాలు కొద్ది నెలలే ఉంచుతారు, తర్వాత చెరిపేస్తారు. ఇంట్లో ఈ మాట సాధారణంగా ఏడాది తర్వాత ఏ పెళ్లిలోనో, కర్మకాండలప్పుడో లేస్తుంది. అప్పటికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది.

జూన్ 14 ఎంట్రీకి అంతదూరం పోవాల్సిన పని పడలేదు. ఆ శనివారం కంటి పరీక్షకు కొడుకుతో కలిసి హైదరాబాద్ వచ్చానని, ఆసుపత్రి కింద ఏటీఎం ఉంటే కార్డు ఇచ్చి పదివేలు తెమ్మన్నానని తల్లే చెప్పింది. మందుల బిల్లు 3,850 ఆమె సంచిలోనే ఉంది. మిగతా 6,150 ఏమైందని అడిగితే, మనవరాలికి పట్టీలు కొన్నానంది.